ఫోనెత్తగానే ‘హలో’: ఆ ఒక్క మాట చేసే పనేంటి?

ఒక మామూలు ఫోన్ కాల్ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఉంటున్న తమ్ముడు విజయవాడలో ఉన్న అక్కకి ఫోన్ చేశాడు. ఊళ్ళో పొలం పాస్‌బుక్ ఎవరి దగ్గరుందో కనుక్కోవాలి. మాటలు దాదాపు ఇలా సాగుతాయి:

— హలో.
— హలో అక్కా.
— ఆఁ, చెప్పరా. ఎలా ఉన్నావ్?
— బాగున్నా. బావ, పిల్లలు బాగున్నారా?
— అందరం బాగున్నాం.
— అదే, పొలం పాస్‌బుక్ సంగతి అడుగుదామని చేశా.

పాస్‌బుక్ మాట వచ్చేసరికి ఐదు పంక్తులు గడిచిపోయాయి. వాటిలో చెప్పుకోదగ్గ కొత్త విషయం ఒక్కటీ లేదు. అలాగని వాటిని తీసేసి, అక్క ఫోనెత్తీ ఎత్తగానే తమ్ముడు ‘పాస్‌బుక్ ఎవరి దగ్గరుంది?’ అన్నాడనుకోండి. అక్క పాస్‌బుక్ గురించి ఆలోచించదు. ‘ఏమైందిరా? ఏమన్నా గొడవైందా?’ అంటుంది. అడిగిన ప్రశ్న అదే, కానీ ముందున్న ఐదు పంక్తులు పోయేసరికి దాని అర్థమే మారిపోయింది.

పలకరింపు మర్యాద కోసమని మనం అనుకుంటాం. మర్యాద ఉంది గానీ, అది అందులో చిన్న భాగం. అవతల వినేవాళ్ళున్నారా, ఉంటే ఎవరు, ఇద్దరం ఒకరికొకరం ఏమవుతాం, ఇప్పుడు మాట్లాడే పరిస్థితి ఉందా అనే నాలుగు ప్రశ్నలు ఆ కాసేపట్లో తేలిపోతాయి. అవి తేలాకే అసలు విషయానికి చోటు దొరుకుతుంది. ఎదురెదురుగా కలిసినప్పుడు చూపు, నవ్వు, చెయ్యి ఊపడం అన్నీ కలగలిసి ఒకేసారి ఈ పని చేసేస్తాయి. ఏది ఎక్కడ జరిగిందో విడదీసి చూడటం కష్టం. ఫోన్‌లో గొంతు తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి ఒక్కో పని ఒక్కో మాటగా విడివిడిగా వినబడుతుంది. సంభాషణల మీద పరిశోధన మొదలుపెట్టినవాళ్ళు టెలిఫోన్ టేపుల దగ్గర అంతకాలం కూర్చోవడానికి అదొక ముఖ్యమైన కారణం.

ఐదు వందల్లో ఒక్క కాల్

1960లలో ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త దాదాపు 500 ఫోన్ కాల్స్ ముందేసుకుని కూర్చున్నాడు. ఒక ఊళ్ళో విపత్తు జరిగిన తర్వాత అక్కడి పోలీసుల ఫిర్యాదుల డెస్కుకి వచ్చిన కాల్స్, అక్కణ్ణుంచి చేసిన కాల్స్ అవి. ఆయన చూడదలచుకున్నది చాలా చిన్న విషయం: ముందు ఎవరు మాట్లాడతారు? జవాబు తేలిగ్గానే దొరికింది. ఫోన్ ఎత్తినవాళ్ళే ముందు మాట్లాడతారు. కాల్ తర్వాత కాల్ అదే వరస.

ఒక్క కాల్ మాత్రం ఆ నియమానికి లొంగలేదు. పోలీసులు ఒక ఆఫీసుకి ఫోన్ చేశారు. అవతల రిసీవర్ ఎత్తారు. ఒక సెకను పాటు ఏ శబ్దమూ లేదు. అప్పుడు ఫోన్ చేసిన పోలీసే ‘హలో’ అన్నాడు. ఆ తర్వాత అవతలి గొంతు ‘అమెరికన్ రెడ్ క్రాస్’ అంది.

ఐదు వందల్లో ఒకటే కదా అని పక్కన పెట్టేస్తే ఎవరూ తప్పు పట్టరు. షెగ్లాఫ్ అలా చెయ్యలేదు. ఈ ఒక్కటి కూడా ఇమిడేలా నియమాన్ని మళ్ళీ రాయాలని పట్టుబట్టాడు. 1968లో అచ్చయిన ఆయన వ్యాసానికి ఈ పట్టుదలే ఆయువుపట్టు. ఆయన తేల్చింది ఇది: ఫోన్ సంభాషణలో మొదటి మాట ‘హలో’ కాదు, గంట. గంట మోగడమంటే ఎవరో పిలవడం. ఎత్తినవాళ్ళు అనే ‘హలో’ పలకరింపు కంటే ముందు ఆ పిలుపుకి పలకడం, మనం ‘ఆఁ’ అని పలికినట్టు. రెడ్ క్రాస్ కాల్‌లో గంట మోగింది, రిసీవర్ ఎత్తారు, కానీ పలకలేదు. పిలిస్తే పలకనప్పుడు మనం చేసేది మళ్ళీ పిలవడమే. పోలీసు అన్న ‘హలో’ అదే, గొంతుతో కొట్టిన రెండో గంట. అలా చూస్తే ఆ కాల్ నియమం తప్పలేదు. అన్ని కాల్స్‌లోనూ జరిగిందే అక్కడ ఇంకో రూపంలో జరిగింది.

టెలిఫోన్ పుట్టుకలో కూడా ఇదే కనబడుతుంది. 1877 ఆగస్టు 15న థామస్ ఎడిసన్ పిట్స్‌బర్గ్‌లోని ఒక టెలిగ్రాఫ్ కంపెనీ పెద్దకి ఉత్తరం రాశాడు. టెలిఫోన్‌కి గంట అక్కర్లేదు, ‘హలో’ అని గట్టిగా అంటే పది ఇరవై అడుగుల దూరానికి వినిపిస్తుంది అని దాని సారాంశం. అంటే ఆయన లెక్కలో హలో అనాల్సింది ఫోన్ చేసేవాడు, అదీ గంటకి బదులుగా. గ్రాహం బెల్‌కి ‘అహోయ్’ అనే ఓడల వాళ్ళ కేక నచ్చింది. ఏ మాటయినా సరే, దూరంగా ఉన్న మనిషి దృష్టిని లాగే కేకే వాళ్ళకి కావాల్సింది. తర్వాత గంట రానే వచ్చింది, పిలిచే పని అది తీసుకుంది, ‘హలో’ ఎత్తినవాళ్ళ నోట్లోకి మారింది. సిగ్నల్ సరిగా లేనప్పుడు మనం ‘హలో... హలో?’ అని అరుస్తాం చూడండి, అక్కడ మాత్రం అది ఎడిసన్ ఊహించిన పాత పనిలోనే ఉంది.

ఈ పిలుపు, పలుకు జంటకి ఇంకో గుణం ఉంది. పలికినంత మాత్రాన అది పూర్తవదు. మీరు ‘ఏమండీ’ అన్నారు, ఆయన ‘ఆఁ?’ అన్నాడు. ఇప్పుడు మీరు మాట్లాడి తీరాలి. ఊరికే ఉంటే ఆయనకి చిరాకొస్తుంది. పలికినవాడికి వినాల్సిన బాధ్యత, పిలిచినవాడికి చెప్పాల్సిన బాధ్యత ఒక్కసారే పడతాయి. షెగ్లాఫ్ సహచరుడు హార్వీ శాక్స్ ఇక్కడ చిన్నపిల్లల్ని గమనించాడు. పెద్దవాళ్ళ మధ్య మాట్లాడే హక్కు పిల్లలకి తక్కువ. అందుకే ‘ఒక సంగతి తెలుసా?’ అని మొదలుపెడతారు. మనిళ్ళల్లో కూడా ‘అమ్మా, నీకో సంగతి తెలుసా?’ అని పిల్ల అడుగుతుంది, తల్లి పని చేసుకుంటూనే ‘ఏంటి?’ అంటుంది. ఆ ‘ఏంటి’తో పిల్లకి మాట్లాడే వంతు వచ్చేసింది. అడిగింది తల్లే కాబట్టి చెప్పొద్దని అనడానికి లేదు.

గొంతు గుర్తుపట్టాలి

అక్కాతమ్ముళ్ళ కాల్‌లో రెండో పంక్తి ‘హలో అక్కా’. ఇక్కడ తమ్ముడు తన పేరు చెప్పలేదు. మూడో పంక్తిలో అక్క ‘చెప్పరా’ అంది. ఆ ‘రా’తో తమ్ముణ్ణి గుర్తుపట్టినట్టు తేలిపోయింది. ఎవరు నువ్వని అడగలేదు, నేను ఫలానా అని చెప్పలేదు, అయినా ఇద్దరి గుర్తింపూ పూర్తయింది.

పేరు చెప్పుకోవడం కంటే గొంతుతో గుర్తింపజేసుకోవడాన్నే దగ్గరివాళ్ళు ఇష్టపడతారని షెగ్లాఫ్ 1979లో అమెరికన్ కాల్స్ ఆధారంగా రాశాడు. ముందు గొంతు మాత్రం వినిపిస్తారు, అవతలివాళ్ళు పట్టుకుంటారేమోనని అవకాశం ఇస్తారు. పట్టుకోలేదని చిన్న ఆగుడు వల్ల తెలిస్తే అప్పుడు పేరు చెబుతారు. ల్యాండ్‌లైన్ రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ‘హలో, నేనమ్మా’ అని పెద్దమ్మ అంటుంది. అటు నుంచి ‘ఎవరండీ?’ అని వచ్చిందంటే అయిపోయింది. ‘నా గొంతు కూడా మర్చిపోయావన్నమాట’ అన్న నిష్ఠూరం పెళ్ళిళ్ళ దాకా నడుస్తుంది. ఒక్క సెకను ఆలస్యం అంత బరువు మోస్తుంది. గుర్తుపట్టడమంటే ‘నువ్వు నా మనసులో ఉన్నావు’ అని చెప్పకుండా చెప్పడం కాబట్టి.

ఇది అన్ని చోట్లా ఒకే తీరున ఉండదు. నెదర్లాండ్స్‌లో, స్వీడన్‌లో ఇళ్ళల్లో ఫోనెత్తినవాళ్ళు పేరే చెప్పేవాళ్ళు. అక్కడ గొంతు పోల్చుకునే పరీక్షకి అంత చోటుండేది కాదు. మర్యాద ఎక్కువా తక్కువా అన్న లెక్క కాదిది, గుర్తింపు పని ఎవరు చెయ్యాలన్న ఒప్పందంలో తేడా.

మొదటి మాట ఏ రూపంలో ఉంటే రెండోది ఆ రూపంలోనే వస్తుంది. శాక్స్ పరిశోధన మొదలైందే ఇక్కడ. 1960ల మొదట్లో లాస్ ఏంజెలస్‌లోని ఆత్మహత్యల నివారణ కేంద్రంలో ఆయన పనిచేశాడు. ఫోన్ చేసినవాళ్ళ పేరు తెలుసుకోవడం అక్కడి సిబ్బందికి పెద్ద ఇబ్బంది. సూటిగా అడిగితే ‘ఎందుకు?’ అంటారు. ఫోనెత్తిన ఉద్యోగి ‘హలో’ అంటే అవతలి నుంచీ ‘హలో’ వస్తుంది. ‘నేను ఫలానా, మీకేం సాయం చెయ్యను?’ అంటే అవతలివాళ్ళు కూడా చాలావరకు ‘నేను ఫలానా’ అనే మొదలుపెడతారు. ఒక కాల్‌లో మాత్రం ఉద్యోగి పేరు చెప్పగానే అవతలి మనిషి ‘మీ మాట వినబడలేదు’ అన్నాడు. ఉద్యోగి మళ్ళీ పేరు చెప్పాడు. అవతలి మనిషి ఆ పేరునే తిరిగి పలికాడు. ఆ తర్వాత ఎంత మాట్లాడినా తన పేరు మాత్రం చెప్పలేదు. నిజంగా వినబడలేదో లేదో గానీ, తన పేరు చెప్పాల్సిన చోటు ఆ ఒక్క మాటతో దాటిపోయింది. మరుసటి వంతులో వేరే పని జరిగిపోయింది, వెనక్కి వెళ్ళి అడగడం మొరటుగా ఉంటుంది. సంభాషణలో మాటలకి చోట్లు ఉంటాయని, ఆ చోటు తప్పితే మాట కూడా తప్పుతుందని శాక్స్‌కి అక్కడ తట్టింది.

‘ఎప్పుడు రావడం?’

మూడో ప్రశ్న, ఇద్దరం ఒకరికొకరం ఏమవుతాం అన్నది. తెలుగులో ఇది తప్పించుకోలేని ప్రశ్న. ‘హలో’ పక్కన ‘అక్కా’, ‘సార్’, ‘అన్నా’, ‘బాబాయ్’, ‘మేడమ్’ ఏదో ఒకటి రావాల్సిందే. ఉత్త ‘హలో’తో ఆగితే ఏదో తగ్గినట్టే ఉంటుంది. ఆ వెంటనే క్రియ వస్తుంది, క్రియలో నువ్వో మీరో తేల్చాలి. ‘ఎలా ఉన్నావ్’ అనాలా, ‘ఎలా ఉన్నారు’ అనాలా?

తేల్చుకోలేని సందర్భాలు ఎన్నో. చిన్నప్పుడు పక్క బెంచీలో కూర్చున్నవాడు ఇప్పుడు తహసీల్దార్. ఆఫీసులో ఎదురుపడితే ‘ఏరా’ అనలేం, ‘నమస్కారం సార్’ అంటే పాత స్నేహాన్ని మనమే తుడిచేసినట్టు. అప్పుడు మనం ఏం చేస్తామో గమనించండి. ‘ఎప్పుడు రావడం?’ అంటాం. ‘ఏంటి విశేషాలు?’, ‘భోజనం అయిందా?’, ‘ఒంట్లో ఎలా ఉంది?’, ‘ఎటు ప్రయాణం?’ అంటాం. వీటిలో ఒక్కదాంట్లో కూడా నువ్వూ లేదు, మీరూ లేదు. ‘తిన్నావా’, ‘తిన్నారా’ అంటే తేల్చేసినట్టు. ‘భోజనం అయిందా’ అంటే తేల్చకుండా పలకరించినట్టు. అవతలివాడు ‘ఇందాకే వచ్చాన్రా, నువ్వెలా ఉన్నావ్?’ అంటే గండం గడిచింది, మనం కూడా ‘రా’లోకి దిగిపోవచ్చు. ‘బాగున్నారా?’ అంటే అదీ అర్థమైపోతుంది, ఇకపై ‘మీరు’. కొత్త అల్లుడితో మాట్లాడే పినమామగార్లు, వయసులో చిన్నదైన పై అధికారితో మాట్లాడే పాత గుమాస్తాలు ఈ పని ఎంత ఒడుపుగా చేస్తారో చూస్తే మన భాష మీద ప్రేమ పెరుగుతుంది. నాకు తెలిసి పలకరింపుల్లో తెలుగు చూపించే అసలైన నేర్పు ఇదే.

బంధం తేలకుండా మాట మొదలుపెట్టకూడదన్న పట్టింపు ఇంకా గట్టిగా ఉన్న సమాజాలున్నాయి. అమెరికాలో అరిజోనాలోని పశ్చిమ అపాచీల గురించి కీత్ బాసో 1970లో రాసిన వ్యాసంలో ఒక సందర్భం ఉంది. దూరంగా బోర్డింగ్ స్కూల్లో చదువుకునే పిల్లలు సెలవులకి ఇంటికొస్తారు. తల్లిదండ్రులు ఆనందంతో ప్రశ్నలు కురిపించరు. కాసేపు మాట్లాడకుండా ఉంటారు, పిల్లల్నే మాట్లాడనిస్తారు. ఇన్నాళ్ళు బయటుండి వచ్చిన బిడ్డ ఎంత మారిందో, తమని ఇప్పుడెలా చూస్తోందో తెలిసేదాకా ఆగుతారు. మనం ‘ఎప్పుడు రావడం’ అని సందిగ్ధంగా అడిగి తెలుసుకునేదాన్ని వాళ్ళు మౌనంగా ఉండి తెలుసుకుంటారు. కాబట్టి ముందుగా పలకరించడం మనుషులందరికీ ఒకే నియమం అనడానికి లేదు. బంధాన్ని సరిచూసుకోవడం మాత్రం రెండు చోట్లా జరుగుతోంది.

‘బాగున్నా’ అబద్ధమా?

‘ఎలా ఉన్నావ్?’ అన్నదానికి ‘బాగున్నా’ అంటాం. షుగర్ పెరిగినా, ఈఎంఐ కట్టలేక టెన్షన్‌గా ఉన్నా ‘బాగున్నా’ అనే అంటాం. ఇది చూసి కొంతమంది పలకరింపు అంతా నటన అంటారు. నేను ఒప్పుకోను.

ఆ చోట ‘బాలేదు’ అంటే ఏమవుతుందో చూడండి. ‘అయ్యో, ఏమైంది?’ అని అడగాల్సిన బాధ్యత అవతలి మనిషి మీద పడుతుంది. అడిగాక మీరు చెప్పాలి, చెప్పాక వాళ్ళు ఓదార్చాలి. వాళ్ళు ఏ పని మీద ఫోన్ చేశారో అది అప్పటికి మూలపడుతుంది. శాక్స్ చూపించింది ఇదే. ‘బాగున్నా’ అన్న జవాబు ఆరోగ్య నివేదిక కాదు. నా సంగతులు ఇప్పుడు ముందుకు తేవడం లేదు, నువ్వు ఏ పని మీద ఫోన్ చేశావో చెప్పు అని వంతు అప్పగించడం. ప్రశ్న అడిగినవాళ్ళకీ ఆ సంగతి తెలుసు. ఇద్దరికీ తెలిసినప్పుడు అందులో మోసం ఎక్కడుంది?

పైగా చెప్పదలచుకున్నవాళ్ళకి అక్కడొక సన్నని దారి తెరిచే ఉంది. ‘ఆఁ... బానే ఉన్నా’. కొంచెం ఆలస్యం, చివర కొంచెం కిందికి దిగిన గొంతు. గెయిల్ జెఫర్సన్ అనే పరిశోధకురాలు 1980లో ఇలాంటి జవాబుల మీదే ఒక వ్యాసం రాసింది. పైకి అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల ఏదో ఉందని సూచన అందుతుంది. వినేవాళ్ళు పట్టుకోదలిస్తే ‘ఏంటి, గొంతు అలా ఉంది?’ అంటారు. తీరిక లేకపోతే వదిలేస్తారు, ఎవరికీ చిన్నతనం ఉండదు. చెప్పడానికి, చెప్పకపోవడానికి మధ్య ఇంత వెసులుబాటు ఇచ్చే ఏర్పాటు ఇంకోటి చూపించడం కష్టం.

ఈ పంక్తి ఎంత పని చేస్తుందో అది లేనప్పుడే బాగా తెలుస్తుంది. తెల్లవారుజామున ఫోన్ మోగింది. ‘హలో’ అంటే అవతల చిన్నాన్న. ‘నాన్న పక్కనున్నాడా? ఫోన్ ఇవ్వు’ అంటాడు. ఎలా ఉన్నావని అడగలేదు, లేచావా అని అడగలేదు. ఎవరు పోయారో ఇంకా చెప్పకముందే ఎవరో పోయారని తెలిసిపోతుంది. ఆయన చెప్పింది నాలుగు మాటలే, చెప్పకుండా వదిలేసిన పలకరింపే కబురు తెచ్చింది. ఊరి నుంచి అమెరికాకో దుబాయ్‌కో ఇలాంటి కబురు చెప్పాల్సినవాళ్ళు ఈ ఇబ్బంది ఎరుగుదురు. ‘బాగున్నారా’ అని అడిగి తర్వాత చెప్పడం కుదరదు, అడగకపోతే చెప్పకముందే గుండె ఆగినంత పనవుతుంది. అందుకే ‘ఒక్కడివే ఉన్నావా? కూర్చున్నావా?’ లాంటి ప్రశ్నలు ఆ చోట్లోకి వస్తాయి. చావింటికి వెళ్ళినప్పుడు కూడా అంతే. పలకరించకుండా వెళ్ళి కూర్చుంటాం, బయల్దేరేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనం.

అత్యవసర కాల్స్ దీనికి ఇంకో కొస. 108కి ఫోన్ చేసినవాళ్ళు ‘బాగున్నారా’ అని అడగరు, అడగరని ఇద్దరికీ తెలుసు. అమెరికాలో పోలీసు, అంబులెన్సు కాల్స్‌ని పరిశీలించిన వేలెన్, జిమ్మర్‌మన్ 1987లో చూపించింది ఇదే. గుర్తింపు, పలకరింపు, క్షేమసమాచారం దాదాపు పూర్తిగా రాలిపోతాయి, పిలుపుకి పలకగానే ‘ఏం జరిగింది’ వచ్చేస్తుంది. ఆ నంబరుకి చేశారంటేనే వాళ్ళు సాయం కోరేవాళ్ళని, ఎత్తింది సాయం చేసేవాళ్ళని తేలిపోయింది. తేలాల్సింది ముందే తేలితే ఆ మేరకు పలకరింపు తగ్గిపోతుంది.

ముందు ఎవరు?

చిన్నవాళ్ళు ముందు నమస్కారం పెట్టాలని మనకి చిన్నప్పుడే నేర్పుతారు. సెనెగల్‌లోని వోలోఫ్ ప్రజల్లో ఈ లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుందని జుడిత్ ఇర్విన్ 1974లో వివరించింది. పలకరింపు మొదలుపెట్టి ప్రశ్నలడిగేవాడు కింది స్థానం తీసుకున్నట్టు, ఊరకుండి జవాబు చెప్పేవాడు పై స్థానంలో ఉన్నట్టు. ఆసక్తికరమైన సంగతేంటంటే, కొంతమంది కావాలనే పోటీపడి ముందు పలకరిస్తారు. పై స్థానంలోకి నెట్టబడ్డవాడి దగ్గర డబ్బు అడిగే వీలుంటుంది, కాదనడం వాడికి కష్టం. వంగినవాడికి కూడా ఒక లాభం ఉందన్నమాట. ఎన్నికలప్పుడు గడపగడపకీ తిరిగి ముందుగా చేతులు జోడించేవాళ్ళని చూసిన మనకి ఇది దూరపు సంగతిలా అనిపించదు.

టెలిఫోన్ ఈ వరసని తలకిందులు చేసింది. ఎంత పెద్దవాడైనా ఫోనెత్తితే తనే ముందు ‘హలో’ అనాలి, అదీ ఎవరో తెలియని మనిషికి. పెద్దవాళ్ళు దీనికి విరుగుడుగా పీఏలని పెట్టుకున్నారు. ‘సార్ మాట్లాడతారు, లైన్‌లో ఉండండి’ అన్న మాట వెనక ఉన్నది ఇదే. ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య కాల్ అయితే ఇద్దరు పీఏలకీ చిక్కే. ఎవరి సార్ ముందు లైన్ మీదకొస్తే ఆయన రెండో ఆయన కోసం ఎదురుచూసినట్టవుతుంది.

పేరు తెర మీద పడ్డాక

మొబైల్ వచ్చాక గంటతో పాటే పేరు కనబడుతోంది. గుర్తింపు పని ఎత్తకముందే అయిపోయింది. అందుకే ‘హలో’ మాయమై ‘చెప్పరా’, ‘ఆ అన్నా’ అని మొదలవుతున్నాయి కాల్స్. దాని స్థానంలో కొత్త ప్రశ్న చేరింది: ‘ఎక్కడున్నావ్?’ ల్యాండ్‌లైన్‌కి ఆ ప్రశ్న అక్కర్లేదు, ఇంట్లోనే ఉంటారు. మొబైల్ ఎత్తినవాడు బండి మీద ఉండొచ్చు, మీటింగ్‌లో ఉండొచ్చు. మాట్లాడే వీలుందా అన్న నాలుగో ప్రశ్నకి ఇది కొత్త రూపం.

తెలియని నంబరు వస్తే పాత ‘హలో’ తిరిగొస్తుంది. ఈమధ్య అది కూడా తగ్గుతోంది. లోన్ కాల్స్, మోసపు కాల్స్ వల్ల విసిగిపోయి చాలామంది ఎత్తి ఊరకుంటున్నారు, అవతలివాళ్ళే ముందు మాట్లాడాలని. కాల్ సెంటర్లలో ఒకేసారి బోలెడు నంబర్లకి డయల్ చేసే యంత్రాలుంటాయి. ఇటు గొంతు వినబడ్డాక గానీ అటు మనిషికి లైన్ కలపవు. మనం ‘హలో’ అన్నాక వచ్చే ఆ ఖాళీ అందుకే. ఇప్పుడు ఒకవైపు మనిషి ఊరకుంటాడు, రెండోవైపు యంత్రం ఎదురుచూస్తుంది. రెడ్ క్రాస్ కాల్‌లో ఒక్క సెకను ఉన్న నిశ్శబ్దం ఇక్కడ కాల్ కట్ అయ్యేదాకా సాగుతుంది.

అసలు చిక్కు వచ్చింది చాటింగ్‌లో. మీ మేనేజర్ నుంచి ‘హాయ్’ అని ఒక్క మెసేజ్ వచ్చింది. మీరు ‘హాయ్ సార్’ అన్నారు. ఇరవై నిమిషాలైనా ఏమీ రాలేదు. ఆ ఇరవై నిమిషాలూ టెన్షన్. ఎందుకంటే మీరు పిలుపుకి పలికారు, వినాల్సిన బాధ్యత మీ మీద పడింది, పక్కకి వెళ్ళలేరు. ఫోన్‌లో ఈ బాధ్యత సెకను కూడా ఉండదు, వెంటనే తీరిపోతుంది. చాట్‌లో పలుకుకీ అసలు విషయానికీ మధ్య గంటలు పట్టొచ్చు. నోటిఫికేషన్ మోగినప్పుడే పిలవడం అయిపోయింది కాబట్టి, ‘హాయ్’ అని ఆగడం రెండోసారి గంట కొట్టి పారిపోయినట్టు ఉంటుంది. ‘నమస్తే మేడమ్, రేపటి మీటింగ్ 11కి మార్చొచ్చా? వీలు చూసుకుని చెప్పండి’ అని ఒకే మెసేజ్‌లో పెట్టేస్తే మర్యాద, బంధం రెండూ నిలుస్తాయి, ఎదురుచూపు మాత్రం పోతుంది. ఆఫీసు పనికి ఇదే మంచి పద్ధతి.

ప్రతిచోటా మాత్రం ఇది పనికిరాదు. ఆరేడేళ్ళుగా మాట్లాడని స్నేహితుడికి ‘హాయ్ రా, ఒక 20,000 సర్దగలవా’ అని ఒకే మెసేజ్‌లో పెడితే అంతకంటే మొరటుతనం లేదు. అక్కడ తేలాల్సిన ప్రశ్న ‘మనం ఇంకా అప్పటిలాగే ఉన్నామా’ అన్నది. దాన్ని ఒకరే రాసుకుని ఒకరే తేల్చుకోలేరు, అవతలి నుంచి జవాబు రావాలి. అందుకే ‘ఎలా ఉన్నావ్’, ‘పిల్లలు ఏం చదువుతున్నారు’ అని నాలుగైదు వంతులు నడపాలి. నడుపుతుంటే అవతలివాడికి అనుమానం మొదలవుతుంది, ఇన్నేళ్ళకి ఇంత పలకరింపు ఎందుకొచ్చిందని. ఈ చిక్కుని బాగా దాటేవాళ్ళు ఒక పని చేస్తారు. రెండు మూడు మాటలయ్యాక ‘నీతో ఒక సాయం గురించి మాట్లాడాలి, తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పు, ఫోన్ చేస్తా’ అంటారు. విషయం దాచలేదు, మీద పడేయనూ లేదు. అవతలివాడికి ఆలోచించుకోవడానికి రెండు రోజులు దొరుకుతాయి, కుదరదనుకుంటే ‘ఈ వారం బిజీ రా’ అని ముందే తప్పుకునే దారీ ఉంటుంది. వాడే ఫోన్ చేసి ‘ఏంట్రా సంగతి?’ అని అడిగితే, మాట్లాడే వంతు సాయం కావాల్సినవాడికి వాడే ఇచ్చినట్టు.